బస్సు ఎక్కడుందో చెప్పే యాప్‌కి ఎంత స్టోరేజీ, ఎంత ట్రాఫిక్? సిస్టం డిజైన్ రౌండ్‌లో కాగితం లెక్క, మొదటి నుంచి చివరి దాకా

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది అనుకుందాం: విజయవాడ నెహ్రూ బస్టాండ్‌లో నిలబడ్డ ప్రయాణికుడికి తను ఎక్కాల్సిన గుంటూరు బస్సు ఇప్పుడు ఎక్కడుందో ఫోన్‌లో కనిపించాలి. రాష్ట్రమంతా వాడే యాప్. డిజైన్ చెయ్యండి.

చాలామంది వెంటనే బోర్డు మీద డబ్బాలు గీయడం మొదలుపెడతారు. లోడ్ బ్యాలెన్సర్, క్యూ, క్యాష్, ఆరు ముక్కలుగా చీల్చిన డేటాబేస్ వరుసగా వచ్చేస్తాయి. ఎదుటివాళ్లు "ఆరు ముక్కలు ఎందుకు?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ ప్రశ్నకి జవాబు ఇచ్చేది ఉజ్జాయింపు లెక్క. నలభై అయిదు నిమిషాల రౌండ్‌లో దీనికి అయిదారు నిమిషాలు చాలు. కానీ అందులో తేలిన ప్రతి అంకె డిజైన్‌లో ఏదో ఒక నిర్ణయాన్ని మార్చాలి. నిర్ణయాన్ని మార్చని అంకెని కట్టడం అనవసరం.

ముందు రెండు కొలతలు కంఠతా ఉండాలి

మొదటిది కాలం. రోజుకి 86,400 సెకన్లు. దాన్ని లక్ష అనుకోండి. అప్పుడు రోజుకి కోటి రిక్వెస్టులు అంటే సెకనుకి వంద, రోజుకి పది కోట్లు అంటే సెకనుకి వెయ్యి. కాలిక్యులేటర్‌తో పని లేదు, సున్నాలు కొట్టేస్తే చాలు. ఈ సర్దుబాటు వల్ల తేడా దాదాపు పదిహేను శాతం వస్తుంది. రోజు మొత్తాన్ని లక్షతో భాగిస్తే నిజం కంటే కొంచెం తక్కువ వస్తుంది, సెకను అంకెని లక్షతో హెచ్చిస్తే కొంచెం ఎక్కువ వస్తుంది. రెండు మూడు రెట్లు తేడా వచ్చినా తట్టుకోవాల్సిన లెక్కలో ఇది పట్టించుకోవాల్సిన తప్పు కాదు.

రెండోది బైట్లు. ఇక్కడ లక్షలు, కోట్లలో లెక్క నేర్చుకున్న మనకి ఒక చిక్కు, ఒక సౌకర్యం రెండూ ఉన్నాయి. చిక్కు ఏమిటంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు మిలియన్లు, బిలియన్లలో మాట్లాడతారు, మనం మనసులో లక్షల్లో కడతాం. మధ్యలో ఒక సున్నా జారిపోతుంది. ఇరవై లక్షల మంది అంటే రెండు మిలియన్లు. కంగారులో ఇరవై మిలియన్లు అని రాస్తే అక్కడి నుంచి లెక్కంతా పది రెట్లు తప్పు. సౌకర్యం ఏమిటంటే మన అంకెలు బైట్ల మెట్లకి చక్కగా అతుకుతాయి. వెయ్యి బైట్లు కేబీ, పది లక్షలు ఎంబీ, వంద కోట్లు జీబీ, లక్ష కోట్లు టీబీ. ఈ నాలుగు మెట్లు గుర్తుంటే మనసులో కోట్లలో కట్టి, బోర్డు మీద జీబీల్లో రాయొచ్చు. కేబీ అంటే 1024 బైట్లు కదా అనే పట్టింపు ఈ లెక్కలో వద్దు.

ఊహలు గాల్లోంచి రాకూడదు

బోర్డుకి ఒక పక్కన ఊహలు రాయండి. ప్రతి అంకె పక్కన అది దేనిదో, ఎంత కాలానికో రాయాలి. "10,000" అని ఊరికే రాస్తే మూడు నిమిషాల తర్వాత అది బస్సులో, సెకనుకి రిక్వెస్టులో మీకే గుర్తుండదు.

బస్సులు పదివేలు అనుకుందాం. రాష్ట్ర ఆర్టీసీ స్థాయి సుమారుగా అంతే. ఇక ఒక్కో బస్సు ఎన్ని సెకన్లకోసారి తన స్థానం పంపాలి, అంటే పింగు చెయ్యాలి? ఇది నోటికొచ్చిన అంకె కాకూడదు. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు సెకనుకి దాదాపు 11 మీటర్లు కదులుతుంది. పది సెకన్లకోసారి పంపితే సర్వర్‌కి తెలిసిన చోటుకీ అసలు ఉన్న చోటుకీ మహా అయితే 110 మీటర్ల తేడా. బెంజ్ సర్కిల్ దగ్గర ఎదురుచూసేవాడికి ఆ తేడా లెక్కలోకి రాదు. ముప్ఫై సెకన్లు అయితే తేడా 330 మీటర్లు. అప్పుడు బస్సు సర్కిల్ దాటిందో లేదో చెప్పలేం. అందుకే పది సెకన్లు. ఇలా కారణం చెప్పి పెట్టిన అంకెని ఎదుటివాళ్లు కాదన్నా నష్టం లేదు, వాళ్లు చెప్పిన అంకె పెట్టుకుని ముందుకి వెళ్లొచ్చు.

ప్రయాణికుల వైపు: రోజుకి యాప్ తెరిచేవాళ్లు ఇరవై లక్షలు. ఒక్కొక్కరు రోజుకి రెండుసార్లు, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి తెరుస్తారు. తెరిచినప్పుడు అయిదు నిమిషాలు చూస్తారు. తెర పది సెకన్లకోసారి తాజా అవుతుంది. ఇవన్నీ గట్టిగా పైకి చెప్పండి, "ఇవి సరేనా?" అని అడగండి. లెక్క సగంలో ఉండగా వాళ్లు ఊహ మార్చే కన్నా ముందే మార్చడం మేలు.

రాసే వైపు: పింగులు, స్టోరేజీ

```
10,000 బస్సులు ÷ 10 సెకన్లు = 1,000 పింగులు / సెకను
1,000 × 1,00,000 సెకన్లు   = 10 కోట్ల పింగులు / రోజు
```

రాత్రి చాలా బస్సులు డిపోలో నిలబడే ఉంటాయి కాబట్టి ఇది పైకొస. ఆ మాట ఒక్కసారి చెప్పి వదిలేయండి.

ఒక పింగు ఎంత ఉంటుంది? బస్సు నంబరుకి 8 బైట్లు, అక్షాంశానికి 8, రేఖాంశానికి 8, సమయానికి 8, వేగానికీ దిశకీ కలిపి 8. మొత్తం 40. కానీ డేటాబేస్‌లో పడ్డాక ప్రతి వరుసకీ సొంత బరువు, దాని మీద ఇండెక్స్ బరువు ఉంటాయి. అందుకని 100 బైట్లు అనుకోవడం సరైన పద్ధతి. 40 దగ్గరే ఆగిపోవడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు.

```
10 కోట్లు × 100 బైట్లు = 1,000 కోట్ల బైట్లు = 10 GB / రోజు
10 GB × 365           ≈ 3.65 TB / ఏడాది
3 కాపీలు              ≈ 11 TB / ఏడాది
```

ఒక మెషీను పాడైనా డేటా పోకుండా పెట్టుకునే ఈ కాపీలతో హెచ్చించడం ఎప్పుడూ చివర్లో, ఒక్కసారే. మొదట్లోనే "300 బైట్లు అనుకుందాం, కాపీలతో కలిపి" అని మొదలుపెట్టినవాళ్లు చివర్లో అలవాటుగా మళ్లీ మూడుతో హెచ్చిస్తారు. తొమ్మిది కాపీల స్టోరేజీ తేలుతుంది, ఎందుకు పెరిగిందో అర్థం కాదు.

ఇప్పుడు ఈ అంకె ఏం చెబుతోంది? ఏడాదికి 11 టీబీ పెద్ద భయపడాల్సినది కాదు, కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. మూడు నెలల క్రితం ఉదయం 8 గంటల 10 నిమిషాల 20 సెకన్లకి ఫలానా బస్సు ఎక్కడుందో ఎవరికి కావాలి? ఫిర్యాదులు, ప్రమాదాల విచారణ కోసం ముప్ఫై రోజులు పూర్తిగా ఉంచితే 300 జీబీ, మూడు కాపీలతో 900 జీబీ. ఆ తర్వాత నిమిషానికి ఒక పింగు మిగిల్చి తక్కినవి చెరిపేస్తే పాత డేటా ఆరో వంతుకి దిగుతుంది, ఏడాదికి ఒక కాపీ 0.6 టీబీ. స్టోరేజీ లెక్క కట్టేది డిస్కులు కొనడానికే కాదు, ఏది ఎన్నాళ్లు ఉంచాలో అడగడానికి కూడా.

ఈ దశలోనే ఇంకో చిన్న లెక్క చెయ్యాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. ప్రయాణికుడికి కావాల్సింది చరిత్ర కాదు, ప్రతి బస్సు తాజా స్థానం ఒక్కటే. పదివేల బస్సులు × 100 బైట్లు = పది లక్షల బైట్లు, అంటే 1 ఎంబీ. మొత్తం రాష్ట్రం బస్సుల తాజా పటం ఒక ఫోన్ ఫోటో కన్నా చిన్నది! ప్రతి సర్వర్ మెమొరీలో ఒక పూర్తి కాపీ పెట్టుకోవచ్చు. చదివే రిక్వెస్టుల్లో ఒక్కటి కూడా డేటాబేస్ దాకా వెళ్లక్కర్లేదు. డిజైన్‌లో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఈ ఒక్క వరుసలో తేలింది.

రాసే వైపు రద్దీ ఎక్కడ దాగి ఉంటుంది

బస్సులు ఉదయమైనా, సాయంత్రమైనా పది సెకన్లకోసారే పంపుతాయి. కాబట్టి ఇక్కడ మామూలు రద్దీ గుణకం పెట్టడం తప్పు. అసలు రద్దీ వేరే చోట ఉంది. సర్వర్ పది నిమిషాలు పడిపోయిందనుకోండి. ఈలోగా ఒక్కో బస్సులోని పరికరం 60 పింగులు దాచుకుంటుంది. పదివేల బస్సులకి ఆరు లక్షలు. సర్వర్ లేవగానే అన్నీ కలిసి ఒక్క నిమిషంలో పంపేస్తే సెకనుకి పదివేలు, మామూలుకి పది రెట్లు. ఇప్పుడే లేచిన సర్వర్ మళ్లీ పడుతుంది, పరికరాలు మళ్లీ దాచుకుంటాయి, ఈసారి ఇంకా ఎక్కువ.

దీనికి మందు కూడా లెక్కలోనే ఉంది. 60 పింగులని ఒకే రిక్వెస్టులో కట్టగా పంపితే ఆరు లక్షల రిక్వెస్టులు పదివేలు అవుతాయి, ఒక్కోటి 6 కేబీ. ఒక్కో బస్సు పంపే ముందు సున్నా నుంచి అరవై సెకన్ల మధ్య ఏదో ఒక సమయం ఆగితే, సెకనుకి 170 కట్టలు వస్తాయి. ఇది ఎదుటివాళ్లు అడగక ముందే చెప్పగలిగితే బాగుంటుంది.

చదివే వైపు: ప్రయాణికులు

```
20 లక్షల మంది × 2 సార్లు         = 40 లక్షల సెషన్లు / రోజు
5 నిమిషాలు = 300 సెకన్లు, 300 ÷ 10 = 30 రిక్వెస్టులు / సెషన్
40 లక్షలు × 30                   = 12 కోట్లు / రోజు
12 కోట్లు ÷ 1 లక్ష               = 1,200 / సెకను
```

ఇదే లెక్కని ఇంకో దారిలో సరిచూసుకోండి. రోజుకి 40 లక్షల సెషన్లు, ఒక్కోటి 300 సెకన్లు. మొత్తం 120 కోట్ల సెషన్-సెకన్లు. లక్షతో భాగిస్తే ఏ క్షణంలో చూసినా సగటున 12,000 మంది యాప్ తెరిచి ఉంటారు. ఒక్కొక్కరు పది సెకన్లకోసారి అడుగుతారు, కాబట్టి సెకనుకి 1,200. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి. రెండో దారికి అర నిమిషం పడుతుంది, జారిన సున్నాని దాదాపు తప్పకుండా పట్టిస్తుంది. పైగా 12,000 అనే అంకె ఊరికే పోదు. ఎవరైనా "అడగడం కాకుండా కనెక్షన్ తెరిచి ఉంచి మనమే పంపితే?" అంటే ఒకేసారి తెరిచి ఉండే కనెక్షన్లు ఎన్నో మీ చేతిలో ఉన్నట్టే.

సగటుతో డిజైన్ చేస్తే ఉదయం ఎనిమిదింటికి యాప్ ఆగిపోతుంది. ఆఫీసులు, కాలేజీల వేళ రద్దీని సగటుకి మూడు రెట్లు అనుకుంటే 3,600, గుండ్రంగా 4,000. మనకి ఇంకో రద్దీ ఉంది, సంక్రాంతి ముందు రోజులు. అప్పుడు బస్టాండ్ సంగతి వేరే చెప్పాలా. సగటుకి పది రెట్లు పెట్టుకుంటే సెకనుకి 12,000. ఈ రెండు అంకెలనీ విడివిడిగా రాయండి. 4,000 రోజూ నడిచే సర్వర్ల కోసం, 12,000 పండగ నాలుగు రోజులు అద్దెకి తెచ్చుకునే సర్వర్ల కోసం. ఏడాది పొడుగునా 12,000కి సరిపడా సర్వర్లు పెట్టడం డబ్బు దండగ.

బ్యాండ్‌విడ్త్: బిట్లు, బైట్లు

బ్యాండ్‌విడ్త్ అంటే సెకనుకి రిక్వెస్టులు × ఒక్కో జవాబు సైజు. సైజు తెరని బట్టి మారుతుంది, అందుకే ముందు తెర ఏం చూపిస్తుందో తేల్చుకోవాలి.

ఒక్క బస్సే చూపిస్తే అసలు సమాచారం 100 బైట్లు. కానీ జేసన్‌లో పేర్లు, చుట్టూ హెచ్‌టీటీపీ హెడర్లు కలిసి 1 కేబీ అనుకోవాలి. రోజూ రద్దీలో 4,000 × 1 కేబీ = సెకనుకి 4 ఎంబీ. నెట్‌వర్క్‌ని కొలిచేది బిట్లలో, కాబట్టి ఎనిమిదితో హెచ్చించాలి: 32 ఎంబీపీఎస్. ఇది పెద్దదేమీ కాదు.

మ్యాప్‌లో చుట్టుపక్కల యాభై బస్సులు చూపిస్తే? ఒక్కో బస్సుకి జేసన్‌లో 200 బైట్లు, మొత్తం 10 కేబీ. ఇప్పుడు చూడండి:

```
రోజూ రద్దీ:    4,000 × 10 KB = 40 MB/s  × 8 = 320 Mbps
సంక్రాంతి:   12,000 × 10 KB = 120 MB/s × 8 = 960 Mbps
రోజు మొత్తం: 12 కోట్లు × 10 KB = 1.2 TB
```

960 ఎంబీపీఎస్ అంటే ఒక గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు పూర్తిగా నిండిపోయినట్టే. ఎనిమిదితో హెచ్చించడం మరిచిపోయినవాళ్లు 120 అని చూసి "గిగాబిట్ లైన్‌లో ఎనిమిదో వంతే కదా" అనుకుంటారు. ఈ పొరపాటుని పట్టుకోవడానికి ఒకే గుర్తు: పెద్ద బి ఉంటే బైటు, చిన్న బి ఉంటే బిట్టు. బోర్డు మీద `MB/s` అనీ `Mbps` అనీ తేడాగా రాసే అలవాటు చేసుకోండి.

రోజుకి 1.2 టీబీ ఇంకో మాట కూడా చెబుతోంది. బయటికి వెళ్లే డేటాకి క్లౌడ్ కంపెనీలు డబ్బు తీసుకుంటాయి, లోపలికి వచ్చేదానికి మామూలుగా తీసుకోవు. ఈ యాప్‌లో ఖర్చు స్టోరేజీలో లేదు, ఇక్కడుంది. తగ్గించే దారులు మూడు: కదిలిన బస్సులనే పంపడం, జవాబుని కుదించి పంపడం, మ్యాప్ తెరని ఇరవై సెకన్లకోసారి తాజా చెయ్యడం. మూడోది ఒక్కటే రిక్వెస్టులనీ, బ్యాండ్‌విడ్త్‌నీ రెంటినీ సగానికి కోస్తుంది, కోడ్‌లో మార్పు ఒక్క అంకె. ఇది ముందు చెప్పడం మంచిది.

బస్సుల నుంచి వచ్చే వైపు తేలిక. పింగుకి హెడర్లతో కలిపి 500 బైట్లు అనుకున్నా సెకనుకి అర ఎంబీ, 4 ఎంబీపీఎస్. కానీ ఒక్క బస్సు వైపు నుంచి కూడా చూడండి: రోజుకి 8,640 పింగులు × 500 బైట్లు, దాదాపు 4.3 ఎంబీ. నెలకి 130 ఎంబీ. బస్సులో పెట్టే సిమ్‌కి చిన్న ప్లాను చాలు. మొత్తం అంకెని ఒక్క మనిషికో, ఒక్క బస్సుకో దించి చూస్తే తప్పులు ఇట్టే బయటపడతాయి. సిమ్‌కి రోజుకి 4 జీబీ అని తేలితే ఎక్కడో మూడు సున్నాలు ఎక్కువ పడ్డాయని వెంటనే తెలుస్తుంది.

అంకెల నుంచి సర్వర్లకి

మెమొరీలోంచి చదివి చిన్న జవాబు ఇచ్చే సర్వర్ సెకనుకి వెయ్యి రిక్వెస్టులు మోస్తుందని జాగ్రత్తగా అనుకుందాం. నిజానికి ఇంకా ఎక్కువే మోయొచ్చు, కానీ ఈ ఊహ కూడా బోర్డు మీద ఉండాలి. రోజూ రద్దీ 4,000కి నాలుగు సర్వర్లు కావాలి. వాటిని అంచు దాకా నింపకూడదు, ఒకటి పడిపోయినా తక్కినవి మోయాలి. కాబట్టి ఆరు. సంక్రాంతికి అదే నిష్పత్తిలో పద్దెనిమిది.

సెకనుకి వెయ్యి పింగులు రాయడానికి ఎన్ని డేటాబేస్‌లు? ఒక్కొక్క పింగుని విడిగా కాకుండా వందేసి కట్టగా రాస్తే సెకనుకి పది ఇన్‌సర్ట్‌లు. ఒక మంచి మెషీను, దానికి రెండు కాపీలు చాలు. మొదట్లో గీసిన ఆరు ముక్కలు అక్కర్లేదని ఇక్కడ తేలింది. అక్కర్లేని భాగాన్ని అంకె చూపించి తీసేయడం, కావాల్సినది గీయడం అంత విలువైన పని.

ఎదుటివాళ్లు ఊహ మార్చినప్పుడు

"ప్రయాణికులు బస్సు పరిస్థితి గురించి ఫోటో కూడా పెట్టొచ్చు అంటే?" అని అడిగారనుకోండి. వందలో ఒకరు రోజుకి ఒక ఫోటో పెడితే 20,000 ఫోటోలు. సెకనుకి 0.2 అప్‌లోడ్లు, అంటే అయిదు సెకన్లకి ఒకటి. రిక్వెస్టుల లెక్కలో ఇది కనిపించనే కనిపించదు. కానీ ఫోన్ ఫోటో 3 ఎంబీ ఉంటే రోజుకి 60 జీబీ. పది కోట్ల పింగులు 10 జీబీ అయితే ఇరవై వేల ఫోటోలు దానికి ఆరు రెట్లు! ఏడాదికి 22 టీబీ, మూడు కాపీలతో 66. ఫోన్‌లోనే 300 కేబీకి తగ్గించి పంపిస్తే రోజుకి 6 జీబీ, ఏడాదికి 2.2 టీబీ. ఇక నిర్ణయాలు రెండు: ఫోటోలు డేటాబేస్‌లోకి వెళ్లకూడదు, విడిగా ఆబ్జెక్ట్ స్టోరేజీలో ఉండాలి, కుదింపు సర్వర్‌లో కాదు, ఫోన్‌లోనే జరగాలి.

"బస్సులు పదివేలు కాదు, దేశమంతా కలిపి లక్ష" అన్నారనుకోండి. మొదటి నుంచి కట్టక్కర్లేదు, రాసే వైపు అన్నీ పది రెట్లు చేసి ఏది ముందు విరుగుతుందో చూడండి. తాజా పటం 1 ఎంబీ నుంచి 10 ఎంబీ అవుతుంది, ఇప్పటికీ ప్రతి సర్వర్ మెమొరీలో పడుతుంది. పింగులు సెకనుకి పదివేలు, కట్టగా రాస్తే వంద ఇన్‌సర్ట్‌లు, ఒక మెషీను ఇంకా మోస్తుంది. స్టోరేజీ రోజుకి 100 జీబీ, ఏడాదికి 36 టీబీ, మూడు కాపీలతో 110. ఒక మెషీను డిస్కులో పెట్టడం కష్టమయ్యేది ఇక్కడే. సర్వర్ పది నిమిషాలు పడిపోతే పేరుకునే పింగులు అరవై లక్షలు, వాటికి మధ్యలో ఒక క్యూ కావాలి. కాబట్టి చరిత్ర డేటాబేస్‌ని బస్సు నంబరు వారీగా చీల్చాలి, క్యూ పెట్టాలి, చదివే వైపు డిజైన్‌ని మాత్రం ముట్టుకోనక్కర్లేదు.